బర్త్ సర్టిఫికెట్‌ల పాప పేరు గడి ఖాళీ, శనివారం లోపల అడ్మిషన్ ఫారం ఇయ్యాలె

నయీంనగర్_స్వాతి
మా చిన్నదానికి ఎల్‌కేజీ ఫారం తెచ్చిన. పెద్దోడు అదే బడిల మూడో తరగతి. ఫారం నింపుదామని కూసుంటే మొదటి పేజీలనే ఆగిపోయిన. "జనన ధ్రువపత్రంలో ఉన్న విధంగా విద్యార్థి పేరు రాయండి" అని ఉన్నది. బీరువాల నుంచి సర్టిఫికెట్ తీసి చూస్తే పేరు గడిల ఏం లేదు, ఒక గీత ఉన్నది అంతే.

పాప 2022 మార్చిల కరీంనగర్‌ల పుట్టింది, మా అమ్మగారిల్లు అక్కడనే. కాన్పయిన మూడో రోజే మా నాన్న ఆస్పత్రిల కాయితాల మీద సంతకం పెట్టిండు. ఇరవై ఒకటో రోజు తొట్టెల చేసి పేరు పెట్టినం. ఆ పేరు మళ్ల పోయి ఎక్కియ్యాలన్న సోయి ఎవరికీ లేకుండె.

ఇంకో తిప్పలు. తండ్రి పేరు SRINIVASU అని పడ్డది. మా ఆయన పదో తరగతి మెమోల, ఆధార్‌ల, పెద్దోడి బడి రికార్డుల అంతటా SRINIVAS. ఫారం మూడో పేజీల అన్న గాని అక్క గాని ఇదే బడిల ఉంటే రుజువు పెట్టుమన్నరు, దానికి సీటుల ముందు వరుస ఇస్తరట. తండ్రి పేరు రెండు తీర్లుంటే ఇద్దరు ఒక తండ్రి పిల్లలని ఎట్ల నమ్ముతరు? నాలుగో పేజీల ఇంటి దూరం, దానికి రుజువు. మేము కిరాయికి ఉంటున్నం, కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద, మా ఆధార్‌లేమో జమ్మికుంట అడ్రస్. ఇయ్యాల సోమవారం. ఏది ముందు చేయాలె?

కాజీపేట_కిరణ్
ఆధార్ ఉన్నది కదా పాపకు? అది పెట్టేయండి. బర్త్ సర్టిఫికెట్ అంత పట్టుబట్టి ఎవరు చూస్తరు.

నయీంనగర్_స్వాతి
ఉన్నది, నీలం రంగుది. KOTHAPALLI SAHASRA అని ఉన్నది. కానీ ఫారంల జనన ధ్రువపత్రమే జతచేయాలని రాసిండ్రు కిరణ్ గారూ.

భీమారం_పంతులు
కిరణ్ గారు చెప్పింది సగమే నిజం. 2023 అక్టోబర్ 1 నాడు గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే రుజువు అని చట్టం మార్చారు. స్వాతమ్మ పాప అంతకు ముందే పుట్టింది కాబట్టి ఆ నిబంధన ఈమెకు వర్తించదు. కానీ ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఇప్పుడు వచ్చే కార్డుల మీదనే అచ్చు వేస్తున్నారు. బడివాళ్లు ధ్రువపత్రం అడగడంలో తప్పేమీ లేదు.

నేను ఇరవై రెండేళ్లు అడ్మిషన్ రిజిస్టర్ రాసినవాణ్ణి. ఈరోజు ఆ రిజిస్టర్‌లో పడిన పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు టీసీలోకి పోతాయి, అక్కడి నుంచి పదో తరగతి మెమోలోకి పోతాయి. మెమో అచ్చయ్యాక ఒక్క అక్షరం మార్చాలన్నా బోర్డు చుట్టూ తిరగాలి. అందుకని ఈ పని పాపకు నాలుగేళ్లప్పుడు బయటపడటం మంచిదే అయింది.

పరకాల_మల్లేశ్
గురుకులం ఫారమా అక్కా? దానికి ఆదాయం, కులం సర్టిఫికెట్లు గూడ కావాలె. మా బిడ్డకు ఐదో తరగతికి పెట్టినం.

నయీంనగర్_స్వాతి
కాదు అన్నా, ఎల్‌కేజీ. ప్రైవేటు బడి.

పరకాల_మల్లేశ్
అట్లనా. సరే, నేను ఎల్‌కేజీ అన్న ముక్క చూడలే.

మీసేవ_రాజన్న
నేను మీసేవ సెంటర్ నడుపుతున్న, హనుమకొండలనే. ఇసొంటి కాయితాలు ఫిబ్రవరి నుంచి జూన్ దాక రోజూ వస్తయి. చెల్లె, నీకు రెండు వేరు వేరు పనులున్నయి, వాటిని కలిపి ఆలోచించకు.

మొదటిది పేరు ఎక్కించుడు. ఇది తప్పు దిద్దుడు కాదు, ఖాళీ గడి నింపుడు. పుట్టిన ఏడాది లోపల అయితే ఊకెనే ఎక్కిస్తరు. ఏడాది దాటినంక పదిహేనేండ్ల దాక లేటు ఫీజు కట్టి ఎక్కించుకోవచ్చు. పాపకు నాలుగేండ్లు కాబట్టి ఇబ్బంది లేదు. మీసేవల పేరు చేర్చుడుకు వేరే సర్వీసే ఉంటది. మా దగ్గరికి వచ్చేటోళ్లు సగం మంది "పేరు తప్పున్నది, కరెక్షన్ పెట్టు" అంటరు. ఖాళీ గడికి కరెక్షన్ పెడితే అది వాపస్ వస్తది, వారం పది రోజులు దండుగ.

రెండోది తండ్రి పేరు. అది దిద్దుడు. దానికి రుజువులు కావాలె, అధికారి చూసి ఒప్పుకోవాలె, టైం పడుతది.

కరీంనగర్ పోవాల్నా అని అడుగుతవ్ కావచ్చు. పుట్టుక ఎక్కడ అయితే రికార్డు అక్కడనే ఉంటది, నువ్వు ఎక్కడ ఉంటున్నవ్ అన్నది లెక్కల్లేదు. దరఖాస్తు మాత్రం ఇక్కడి మీసేవల పెట్టచ్చు, జిల్లా, కార్పొరేషన్ గళ్లల్ల కరీంనగర్ ఎంచుకోవాలె. మంది ఇక్కడనే తప్పు చేస్తరు. వరంగల్ అని పెడితే ఇక్కడోళ్లు రిజిస్టర్ తీసి చూసి "మా దగ్గర లేదు" అని తిప్పి పంపుతరు.

హంటర్‌రోడ్_వాసి
రాజన్న చెప్పింది నిజం. మా బాబుది హుజూరాబాద్ దగ్గర పల్లెల పుట్టుక, ఇంటి దగ్గరనే కాన్పు. మేము మూడు వారాలు మున్సిపాలిటీ చుట్టు తిరిగినం. ఆఖరుకు తెలిసింది, రికార్డు ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉన్నదని.

గోపాల్‌పూర్_గీత
స్వాతీ, పేరు ఎక్కించేటప్పుడు ఇంటిపేరు సంగతి ముందే తేల్చుకో. మేము ఉత్త HARSHITH అని ఎక్కించినం, ఇంటిపేరు లేకుంట. ఆధార్‌లనేమో ఇంటిపేరు ముందట, బడి రికార్డుల ఒక్క అక్షరం పెట్టి చుక్క. ఇప్పుడు బడోళ్లు పిల్లల ఆన్‌లైన్ రికార్డు ఆధార్‌తోటి కలుపుతుంటే మావాడిది కలుస్తలేదు. బర్త్ సర్టిఫికెట్ మారుద్దామంటే ఒకసారి ఎక్కించిన పేరు మళ్ల మార్చుడు చాన కష్టమన్నరు. ఆఖరుకు ఆధార్‌నే మార్చుకున్నం.

మీసేవ_రాజన్న
గీతక్క చెప్పింది పదిసార్లు చదువు చెల్లె. ఆధార్‌ల పేరు జీవితంల రెండుసార్లే మార్చుకోనిస్తరు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి పాప ఆధార్ ముందట పెట్టుకొని, అందుల KOTHAPALLI ముందు, SAHASRA తరువాత ఉంటే సర్టిఫికెట్‌ల గూడ గదే వరుస, గవే అక్షరాలు. కంప్యూటర్‌ల కొట్టినంక రసీదు ఇస్తరు, కౌంటర్ కాడ్నుంచి కదలకముందే దాని మీద పేరు ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువు. తెలుగుల ఎట్ల పడ్డదో గూడ చూడు, సహస్ర అని పడాలె, సహశ్ర అని పడిన కాయితాలు నేనే చూసిన.

కాజీపేట_కిరణ్
తండ్రి పేరుకు నోటరీ అఫిడవిట్ రాయించుకుంటే అయిపోతది కదా? SRINIVAS, SRINIVASU ఇద్దరూ ఒక్కరే అని. మా ఆఫీసుల అందరం అట్లనే చేసినం.

భీమారం_పంతులు
అఫిడవిట్‌తో బడిలో ఈ వారం గట్టెక్కవచ్చు, ధ్రువపత్రంలోని అక్షరం మాత్రం మారదు. రేపు పాస్‌పోర్టుకో ఇంకో బడికో పోయినప్పుడు మళ్లీ అదే అఫిడవిట్ పట్టుకుని తిరగాలి. అసలు రికార్డు దిద్దుకోవడమే సరైన దారి. అది రిజిస్ట్రార్ చేతిలో పని, పాత అక్షరాన్ని కొట్టివేయరు, పక్కన సరైనది రాసి తేదీ వేసి సంతకం పెడతారు.

ఒక్క విషయం అడుగుతాను స్వాతమ్మా. ఆస్పత్రిలో నింపిన కాయితంలోనే తప్పు ఉందా, లేక అక్కడ సరిగ్గా ఉండి రిజిస్ట్రేషన్‌లో తప్పు పడిందా? రెండింటికీ దారులు వేరు.

నయీంనగర్_స్వాతి
ఇప్పుడే నాన్నకు ఫోన్ చేసి అడిగిన. ఆస్పత్రిల నర్సు "అల్లుడి పేరేంది" అంటే "శ్రీనివాసు" అన్నడట. మా ఇంట్ల అందరం ఆయన్ను అట్లనే పిలుస్తం, ఆమె అట్లనే రాసుకున్నది. డిశ్చార్జి కాయితం తీసి చూసిన, అందుల గూడ SRINIVASU నే ఉన్నది.

మీసేవ_రాజన్న
అయితే తప్పు ఆస్పత్రి కాడనే మొదలైంది. డిశ్చార్జి కాయితం నీకు రుజువుగా పనికిరాదు, అది నీ దరఖాస్తుకు ఎదురే పోతది. దాన్ని ముందట పెట్టకు, అడిగితే దాచకు. నీకు పనికొచ్చేది మీ ఆయన పదో తరగతి మెమో. పాప పుట్టకముందటి కాయితం అది, అందుకే దానికి బలం ఎక్కువ. దానితోటి ఆయన ఆధార్, పెద్దోడి బర్త్ సర్టిఫికెట్ పెట్టు. ఇసొంటి తప్పులకు సంగతి తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల వాంగ్మూలం గూడ అడుగుతరు. కాన్పు నాడు ఆస్పత్రిల ఉన్నోళ్లయితే ఇంకా మంచిది.

హంటర్‌రోడ్_వాసి
ఒక మాట. పెద్దోడి రికార్డు మార్చి చిన్నదానితో కలుపుదామని ఎవరన్న చెప్తే వినకండి. మా మరదలు అట్లనే చేసింది. పెద్ద బిడ్డ బడి రిజిస్టర్‌ల తండ్రి పేరు మార్పించింది, అది తండ్రి మెమోతోటి కలవకుండ పోయింది. ఇప్పుడు ఇద్దరివి మార్చుకోవాల్సి వచ్చింది.

నయీంనగర్_స్వాతి
నిజం చెప్పాలంటే నిన్న రాత్రి మేము అదే అనుకున్నం. పెద్దోడిదే మార్పిస్తే తొందరగ అయితదేమో అని. మంచి మాట చెప్పిండ్రు.

వడ్డేపల్లి_రమ్య
నాది వేరే సంగతి, కానీ ఇక్కడనే అడుగుత. మా బాబు హనుమకొండల 2019ల పుట్టిండు, సర్టిఫికెట్‌ల జిల్లా వరంగల్ అర్బన్ అని ఉన్నది. ఆధార్‌ల హనుమకొండ. ఇది గూడ కరెక్షన్ పెట్టాల్నా?

భీమారం_పంతులు
వద్దమ్మా. అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు 2021లో మార్చారు. 2019లో నమోదైన రికార్డులో అప్పటి పేరే ఉంటుంది, అది తప్పు కాదు. అడ్మిషన్ ఫారంలో పుట్టిన స్థలం గడిలో సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి, ఇంటి చిరునామా గడిలో ఇప్పటి జిల్లా పేరు రాయండి.

గోపాల్‌పూర్_గీత
దూరం సంగతి ఎవరూ చెప్పలే. స్వాతీ, ఫారంల ఏమని రాసిండ్రు? "రేడియస్" అన్నరా, "ఇంటి నుంచి దూరం" అన్నరా?

నయీంనగర్_స్వాతి
"నివాసం నుండి పాఠశాలకు దూరం, కిలోమీటర్లలో, రుజువుతో" అని. మ్యాప్‌ల చూస్తే నేరుగ గీత గీస్తే 2.6 కిలోమీటర్లు, బండి మీద పోయే తొవ్వల 3.8. ఏది రాయాలె?

కాజీపేట_కిరణ్
తక్కువ ఉన్నదే రాయండి. ఎవరు కొలుస్తరు.

గోపాల్‌పూర్_గీత
అట్ల కాదన్నా. మా పెద్దోడికి కేంద్రీయ విద్యాలయం కోసం పెట్టినప్పుడు, విద్యాహక్కు సీట్లకు జిల్లా కేంద్రాలల్ల 5 కిలోమీటర్ల రేడియస్, మిగతా ఊర్లల్ల 8 అని ఉండె. రేడియస్ అంటే నేరుగ గీత. మాకు మధ్యల రైలు పట్టాలు, తొవ్వల అయితే 6.5 వస్తది, నేరుగ 4.4. అక్కడ నేరుగదే రాసినం, చెల్లింది. దూరానికి తల్లిదండ్రుల సొంత డిక్లరేషన్ రాసిచ్చినా తీసుకుంటరు. ఈ ప్రైవేటు ఫారంల రేడియస్ అన్న ముక్కనే లేదు. నన్నడిగితే రెండూ రాయాలె, "నేరుగా 2.6, రోడ్డు మీద 3.8" అని. అప్పుడు ఎవరూ అబద్ధం రాసిండ్రనరు.

హంటర్‌రోడ్_వాసి
గడిల రెండు రాస్తే క్లర్కు ఒకటి కొట్టేస్తడు. రోడ్డు దూరమే రాయాలంట నేను. బస్సు ఫీజు గూడ దాని మీదనే లెక్కగడుతరు.

గోపాల్‌పూర్_గీత
బస్సు ఫీజు వేరే, సీటు వరుస వేరే కదా. నా మాట మీదనే ఉన్న.

మీసేవ_రాజన్న
అది బడి ఆఫీసుల అడిగి రాయి చెల్లె, ఒక్కో బడికి ఒక్కో తీరు. ఇంటి రుజువుకు మాత్రం నా మాట విను. కిరాయి ఇల్లయితే అగ్రిమెంట్ జిరాక్స్, దాని వెనుక ఓనర్ పేరున్న ఈ నెల కరెంటు బిల్లు, రెండూ కలిపి పిన్ కొట్టాలె. అగ్రిమెంట్‌ల ఇంటి నంబరు, బిల్లుల ఇంటి నంబరు ఒక్కటే ఉన్నదా చూడు. నయీంనగర్‌ల పాత నంబర్, కొత్త నంబర్ అని రెండు తీర్ల రాస్తరు కొందరు. వేరే ఉంటే ఓనర్‌తోటి ఒక చిన్న లెటర్ రాయించుకో, ఈ రెండు నంబర్లు ఒకే ఇల్లు అని. అగ్రిమెంట్ తేదీ ఫారం ఇచ్చిన తేదీ కన్నా ముందుది ఉండాలె, నిన్న మొన్న రాయించిందయితే అనుమానపడుతరు.

నయీంనగర్_స్వాతి
అగ్రిమెంట్ పోయినేడాది ఆగస్టుది. పదకొండు నెలలది, ఇంకా నడుస్తున్నది. గ్యాస్ బుక్కు గూడ ఈ అడ్రస్‌కే మార్చుకున్నం.

మీసేవ_రాజన్న
ఇంకేం. గ్యాస్ బిల్లు మీ ఆయన పేరు మీద ఉంటే అదే అన్నిటికన్నా బలమైన కాయితం. జమ్మికుంట ఆధార్ గురించి బుగులు పడకు, అది గుర్తింపుకు పెట్టు, ఇంటికి పెట్టకు.

నయీంనగర్_స్వాతి
మంగళవారం రాత్రి. ఇయ్యాల చేసింది చెప్త. పొద్దుగాల మీసేవల పేరు చేర్చుడు దరఖాస్తు పెట్టిన. జిల్లా గడిల ఆ పిలగాడు ముందు హనుమకొండనే పెట్టిండు, నేను ఆపి కరీంనగర్ పెట్టించిన. పాత సర్టిఫికెట్, మా ఇద్దరి ఆధార్, పాప ఆధార్, నేను రాసిచ్చిన డిక్లరేషన్ స్కాన్ చేసిండు. లేటు ఫీజు కట్టిన. రసీదుల KOTAPALLI అని పడ్డది, H లేదు. అక్కడనే నిలబడి మళ్ల కొట్టించిన. చెప్పకపోతే చూసేదాన్నే కాదు.

తండ్రి పేరుకు రేపు మా ఆయన సెలవు పెట్టి కరీంనగర్ పోతున్నడు. మెమో, ఆధార్, పెద్దోడి సర్టిఫికెట్ తీసుకపోతున్నడు. మా నాన్న, కాన్పు నాడు నాతోటి ఉన్న మా పెద్దమ్మ వాంగ్మూలం ఇస్తమన్నరు.

భీమారం_పంతులు
శనివారం నాటికి కొత్త ధ్రువపత్రం చేతికి రాకపోవచ్చు. ఫారంలో పేరు గడి ఖాళీగా వదలకండి. ఆధార్ ప్రకారం పేరు రాసి, పాత ధ్రువపత్రం, మీసేవ రసీదు జతచేసి, "పేరు నమోదుకు దరఖాస్తు చేశాం, కొత్త ప్రతి రాగానే ఇస్తాం" అని తెల్ల కాయితం మీద హెడ్మాస్టర్ పేర లెటర్ రాయండి. దాని నకలు మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పుట్టిన తేదీ పాత ధ్రువపత్రంలో ఉంది కాబట్టి వయసు విషయంలో వాళ్లకు అడ్డంకి ఉండదు. వయసు రుజువు లేదని పిల్లకు బడిలో చోటు కాదనకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

హంటర్‌రోడ్_వాసి
పంతులు గారూ, ఆ చట్టం ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు కదా? ఎల్‌కేజీకి వర్తిస్తదా?

భీమారం_పంతులు
మంచి ప్రశ్న వేశారు. మొదటి తరగతి నుంచి అయితే గట్టిగా చెప్పగలను. ఎల్‌కేజీ విషయంలో నేను తొందరపడి చెప్పాను, బడివాళ్లు ఒప్పుకోకపోతే ఆ వాదన నిలవకపోవచ్చు. లెటర్ మాత్రం ఇవ్వండి.

పరకాల_మల్లేశ్
అన్న చదువుతున్నట్టు రుజువు ఏం పెడుతున్నవ్ అక్కా? మాకు ఐడీ కార్డు జిరాక్స్ వద్దన్నరు, అది పోయినేడాదిది అని.

గోపాల్‌పూర్_గీత
ఈ ఏడాది ఫీజు రసీదు, బడి నుంచి బోనఫైడ్. బోనఫైడ్‌ల తండ్రి పేరు, అడ్మిషన్ నంబరు ఉంటయి. ఆ నంబరే ఫారంల రాయాలె, ఈ ఏడు రోల్ నంబరు కాదు.

నయీంనగర్_స్వాతి
శనివారం. ఫారం ఇచ్చి వచ్చిన. క్లర్కు మేడమ్ పేజీ పేజీ చూసింది. అన్న రుజువు దగ్గర ఆగి "తండ్రి పేరు ఇక్కడొకటి, అక్కడొకటి" అన్నది. పెద్దోడి బోనఫైడ్, బర్త్ సర్టిఫికెట్, మా ఆయన మెమో, కరీంనగర్‌ల దరఖాస్తు తీసుకున్నట్టు ముద్ర వేసిన కాయితం నాలుగూ పక్కపక్కన పెట్టి చూపెట్టిన. తల్లి పేరు రెండు సర్టిఫికెట్లల్ల ఒక్కటే ఉన్నదని ఆమెనే గమనించింది. తీసుకున్నది. ఫారం మీద ఎర్ర పెన్నుతోటి "ఒరిజినల్ జూన్ లోపు" అని రాసింది. దూరం గడిల రోడ్డుదే రాయమన్నది, 3.8 రాసిన.

పేరు దరఖాస్తు ఇంకా పెండింగ్ చూపిస్తున్నది. తండ్రి పేరుకు ఆస్పత్రి నుంచి గూడ ఒక లెటర్ తెమ్మన్నరట. ఆ ఆస్పత్రి ఇప్పుడు వేరే డాక్టర్ తీసుకున్నడు, పాత రిజిస్టర్లు ఉన్నయో లేవో మా నాన్న సోమవారం పోయి అడుగుతడు.

మీసేవ_రాజన్న
రిజిస్టర్ లేదంటే "మా దగ్గర రికార్డు అందుబాటులో లేదు" అని గదే ముక్క వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకొమ్మను. ఉత్త చేతులతోటి వాపస్ రావద్దను.

వడ్డేపల్లి_రమ్య
స్వాతీ, ఆ లెటర్ సంగతి ఏమైందో ఇక్కడనే రాయవా? మా అక్క బిడ్డది గూడ మూతబడిన ఆస్పత్రినే.